ఆదివారం లెక్క వేరు

కంప్యూటర్ల మీద నడిచే ఏ సేవకైనా దాని ఆరోగ్యాన్ని చెప్పే అంకెలు కొన్ని ఉంటాయి. గంటకు ఎన్ని లావాదేవీలు జరిగాయి, ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని చెల్లింపులు మధ్యలో ఆగిపోయాయి వంటి ఈ అంకెలనే మెట్రిక్స్ అంటారు. ఒక మెట్రిక్ ఫలానా వేళకు మామూలుగా ఎంత ఉండాలో ముందే వేసి పెట్టుకునే అంచనా బేస్‌లైన్. వచ్చిన అంకె ఆ అంచనాకు మరీ దూరంగా పోతే దాన్ని అసాధారణంగా లెక్కగట్టి, డ్యూటీలో ఉన్న ఇంజనీరు ఫోన్ మోగిస్తారు. చిక్కల్లా అంచనా వేయడంలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు ముందు ఇరవై మంది నిలబడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మంగళవారం అదే గుంపు కనిపిస్తే ఏం జరిగిందోనని ఆగి అడుగుతారు. ఎన్ని చెప్పినా కంప్యూటర్‌కు వారాల తేడా దానంతట అది తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి.

ఒక పేమెంట్ గేట్‌వేను ఉదాహరణగా తీసుకోవచ్చు. దుకాణాలు, కంపెనీలు, కరెంటు బిల్లు కట్టేవాళ్లు దాని ద్వారా డబ్బు పంపుతుంటారు. ఉదయం 11 నుంచి 12 వరకు ఉన్న గంటలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సుమారు 12,000 లావాదేవీలు, శనివారం 8,000, ఆదివారం 5,000 జరుగుతాయనుకుందాం. ఇవి వివరించడానికి వేసుకున్న అంకెలే గాని, ఆఫీసు వేళల మీద ఆధారపడే సేవల తీరు దాదాపు ఇలాగే ఉంటుంది. సినిమా టికెట్లు, ఫుడ్ డెలివరీ లాంటి వాటిలో ఇది తలకిందులై వారాంతంలోనే గిరాకీ పెరుగుతుంది.

వారాల తేడా పట్టించుకోకుండా ఏడు రోజులనూ ఒకే గంపలో వేస్తే ఏమవుతుందో చూడాలి. పై ఏడు అంకెల సగటు 10,429. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం సుమారు 2,611. చాలామంది మొదట వేసే హద్దు సగటుకు రెండు విచలనాల కింద, అంటే దాదాపు 5,200. ఆ హద్దుతో ప్రతి ఆదివారమూ అలారం మోగుతుంది, ఎందుకంటే ఆదివారం వచ్చేదే 5,000. రెండు మూడు వారాలు నిద్ర చెడగొట్టుకున్నాక విసుగెత్తి హద్దును మూడు విచలనాలకు జరుపుతారు. ఇప్పుడది 2,600 దగ్గరకు దిగుతుంది. ఆదివారం గోల తగ్గుతుంది, నిజమే. కానీ బుధవారం ఒక పెద్ద బ్యాంకుతో లింకు తెగి లావాదేవీలు 12,000 నుంచి 6,000కు పడిపోయినా అలారం నోరెత్తదు. సగం వ్యాపారం పోయిన సంగతి కస్టమర్లు ఫోన్ చేస్తే తప్ప తెలియదు. ఆదివారం అనవసరంగా అరవడం, బుధవారం అవసరానికి అరవకపోవడం ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. రెండోది మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది కనపడదు.

దీనికి అందరూ చేసే మొదటి పని, సోమవారం పదకొండు గంటలను పాత సోమవారాల పదకొండు గంటలతోనే పోల్చడం. వారానికి 168 గంటలు కాబట్టి 168 గళ్లున్న పట్టిక తయారవుతుంది. ప్రతి గడిలో ఆ వారపు రోజు, ఆ గంటకు మామూలుగా ఉండే అంకె ఉంటుంది. అయితే ఆ అంకెను ఒక్క గత వారం నుంచే తీసుకుంటే పేచీ వస్తుంది. గత సోమవారం సెలవైతే ఈ సోమవారం మామూలుగా నడిచినా రెట్టింపు కన్నా ఎక్కువ రద్దీలా కనిపిస్తుంది. గత వారం సర్వర్ పడిపోయి ఉంటే ఈ వారం ఆరోగ్యమే రోగంలా అగుపిస్తుంది. ఒక వారం జరిగిన ఘటన సరిగ్గా ఏడు రోజుల తర్వాత ప్రతిధ్వనిలా తిరిగొచ్చి అలారం మోగించడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాల చరిత్ర తీసుకుంటారు. అప్పుడు వాటన్నిటినీ ఒక్క అంకెగా ఎలా కుదించాలన్న ప్రశ్న వస్తుంది. 2026 ఫిబ్రవరి 9 సోమవారానికి బేస్‌లైన్ వేయాలనుకుందాం. వెనకటి ఆరు సోమవారాల్లో, అంటే డిసెంబరు 29 నుంచి ఫిబ్రవరి 2 వరకు, పదకొండు గంటలప్పుడు వచ్చిన అంకెలు వరసగా 11,900, 12,300, 11,600, 12,100, 5,200, 12,400. ఐదోది జనవరి 26. గణతంత్ర దినం ఆ ఏడాది సోమవారం వచ్చింది కాబట్టి ఆ రోజు లావాదేవీలు ఆదివారం స్థాయికి దిగాయి.

ఈ ఆరింటి సగటు 10,917. ఒక్క సెలవు రోజు సగటును వెయ్యికి పైగా కిందికి లాగేసింది. విచలనం సంగతి ఇంకా అధ్వానం: అది సుమారు 2,815కు ఉబ్బింది. మూడు విచలనాల కింద హద్దు పెడితే 2,472 వస్తుంది. ఇంత కష్టపడి సోమవారాలను వేరు చేసి, మళ్లీ మొదట్లో ఉన్న పనికిరాని హద్దు దగ్గరికే చేరినట్టయింది.

సగటుకు బదులు మధ్యగతం తీసుకుంటే చిత్రం మారిపోతుంది. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే మధ్యలోవి 11,900, 12,100. వాటి నడుమ 12,000 మధ్యగతం. సెలవు రోజు 5,200 వచ్చినా 500 వచ్చినా మధ్యగతం కదలదు. చెదురును కూడా ఇదే తీరులో కొలవొచ్చు. ప్రతి అంకె 12,000కు ఎంత దూరంలో ఉందో రాసుకుంటే 100, 300, 400, 100, 6,800, 400 వస్తాయి. ఈ దూరాల మధ్యగతం 350. దీన్ని 1.4826తో గుణిస్తే మామూలు విచలనంతో పోల్చదగ్గ కొలత వస్తుంది. ఇక్కడ అది 519. మూడు రెట్లు కిందికి పోతే హద్దు 10,443. ఫిబ్రవరి 9న ఏదో లోపం వల్ల లావాదేవీలు 7,000కు పడిపోయాయనుకుంటే, సగటు పద్ధతి దాన్ని మామూలేనని వదిలేస్తుంది, మధ్యగతం పద్ధతి వెంటనే పట్టుకుంటుంది. రెండిటికీ ఇచ్చినవి అవే ఆరు అంకెలు.

ఆరు అంకెలతో వేసిన చెదురు కొలతను అతిగా నమ్మకూడదు. ఒక్కోసారి ఆరు వారాలూ కాకతాళీయంగా దగ్గర దగ్గర అంకెలే రావొచ్చు. అప్పుడు దూరాల మధ్యగతం 40కో 50కో పడిపోయి, హద్దు జుట్టంత సన్నగా తయారవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దానికో కనీస పరిమితి పెడతారు: చెదురు కొలత బేస్‌లైన్‌లో నాలుగైదు శాతానికి తగ్గకూడదని. ఆ శాతం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు, సేవను బట్టి నిర్ణయించుకోవాల్సిందే. మంగళ, బుధ, గురువారాలు ఒకే పోలికతో ఉంటే మూడింటినీ కలిపి ఒకే గడిగా చేసుకోవడం మరో మార్గం. అప్పుడు ఆరు వారాలకు ఆరు బదులు పద్దెనిమిది అంకెలు చేతికొస్తాయి. సోమవారం ఉదయాన్ని, శుక్రవారం సాయంత్రాన్ని మాత్రం ఇందులో కలపక ముందు ఒకసారి గీసి చూడటం మేలు. చాలా సేవల్లో ఆ రెండు పూటలకూ వేరే స్వభావం ఉంటుంది.

భారతదేశంలో శనివారం ఒక ప్రత్యేకమైన తలనొప్పి. 2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. మొదటి, మూడో, ఐదో శనివారాలు పూర్తి పనిదినాలు. బ్యాంకు శాఖలతోనూ కంపెనీల అకౌంట్స్ విభాగాలతోనూ ముడిపడిన ఏ మెట్రిక్‌లోనైనా శనివారాలు రెండు జాతులుగా చీలిపోతాయి. పై గేట్‌వేలో పని శనివారం 8,000, సెలవు శనివారం 6,000 వస్తాయనుకుంటే, ఆరు శనివారాల మధ్యగతం ఈ రెండిటి నడుమ ఎక్కడో 7,000 దగ్గర కూర్చుంటుంది. అది ఏ శనివారానికీ సరిపోని అంకె.

ఒక శనివారం వదిలి ఒక శనివారం సెలవు కదా, రెండు వారాల కిందటి శనివారంతో పోలిస్తే చాలుననిపిస్తుంది. ఐదో శనివారం వచ్చేవరకూ అది బాగానే పనిచేస్తుంది. 2026 జనవరిలో శనివారాలు ఐదు: 3, 10, 17, 24, 31. ఇరవై నాలుగు సెలవు, ముప్పై ఒకటి పనిదినం, ఆ తర్వాత ఫిబ్రవరి 7 మొదటి శనివారం కాబట్టి అదీ పనిదినమే. రెండు వారాల కిందటి లెక్కలో ఫిబ్రవరి 7ను జనవరి 24తో పోలిస్తే లేని రద్దీ కనిపిస్తుంది. సెలవైన ఫిబ్రవరి 14ను పనిదినమైన జనవరి 31తో పోలిస్తే లేని పతనం కనిపిస్తుంది. చరిత్ర చూసి ఊహించే బదులు క్యాలెండర్ చూసి చెప్పడమే ఇక్కడ సరైన పని. నెలలో అది ఎన్నో శనివారమో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు:

```python
nth = (d.day - 1) // 7 + 1
is_bank_off = d.weekday() == 6 or (d.weekday() == 5 and nth in (2, 4))
```

పైథాన్‌లో `weekday()` సోమవారాన్ని 0గా లెక్కిస్తుంది, అందుకే శనివారం 5, ఆదివారం 6. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో `EXTRACT(DOW ...)` అడిగితే ఆదివారం 0గా మొదలై శనివారం 6 అవుతుంది. పట్టిక ఒకచోట తయారై, అలారం నడిపే ప్రోగ్రాం మరోచోట ఉంటే, ఈ తేడా వల్ల శనివారం బేస్‌లైన్ ఆదివారానికి అంటుకుంటుంది. అలాంటప్పుడు ఏ దోష సందేశమూ రాదు. ఆదివారాలూ సోమవారాలూ వింతగా ప్రవర్తిస్తున్నట్టు మాత్రం కనిపిస్తుంది.

మిగతా సెలవులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: ఆ రోజుకు వారంలో దాని పేరు కాకుండా అది నిజంగా ఏ రకం రోజో రాసి పెట్టాలి. జనవరి 26ను ఆదివారం రకంగా గుర్తిస్తే బేస్‌లైన్ 5,000 అవుతుంది, వచ్చిన 5,200 దానికి చక్కగా సరిపోతుంది. ఆ రోజును సోమవారాల చరిత్ర నుంచి తీసేయడం కూడా అంతే ముఖ్యం. నిజమైన లోపం వల్ల చెడిపోయిన గంటలనూ ఇలాగే తీసేస్తారు. పండగలు మాత్రం అంత లొంగవు. ఉగాది సెలవు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నప్పుడు ఉత్తరాదిలో చాలాచోట్ల ఆఫీసులు మామూలుగా నడుస్తుంటాయి కాబట్టి, దేశమంతటి లావాదేవీలు ఒక్కచోట కూడితే ఆ రోజు పూర్తి ఆదివారమూ కాదు, పూర్తి పనిదినమూ కాదు. దీపావళి ముందు రోజుల కొనుగోళ్లకు ఆరు వారాల చరిత్రలో పోలికే దొరకదు. అలాంటి రోజుల్లో లావాదేవీల సంఖ్య మీద పెట్టిన అలారాన్ని వదులు చేసి, వంద చెల్లింపుల్లో ఎన్ని విజయవంతమయ్యాయనే శాతం మీద ఎక్కువ ఆధారపడటం తెలివైన పని. ఎంతమంది వస్తారనేది పండగను బట్టి మారవచ్చు గాని, వచ్చినవాళ్ల పని పూర్తి కావాలన్నది మారదు.

సెలవులు దేశాన్ని బట్టి కూడా మారుతాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి వారాంతాన్ని శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చి, శుక్రవారాన్ని ఒంటిపూట చేసింది. సౌదీ అరేబియాలో వారాంతం శుక్ర, శనివారాలే. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇళ్లకు డబ్బు పంపే సేవను తీసుకుంటే, దుబాయ్ నుంచీ రియాద్ నుంచీ వచ్చే లావాదేవీలను ఒకే గీతగా గీయడం వల్ల రెండు వేర్వేరు వారాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక దేశంలో సేవ పూర్తిగా ఆగిపోయినా రెండో దేశపు రద్దీ దాన్ని కప్పేయొచ్చు. దేశానికో బేస్‌లైన్ పెట్టుకోవడమే దారి. ఎమిరేట్స్‌లో ఆ మార్పు వచ్చినప్పుడు శుక్రవారం, ఆదివారం గళ్లలోని పాత చరిత్ర రాత్రికి రాత్రి చెల్లని కాగితమైంది. అలాంటప్పుడు దాన్ని పారేసి కొత్తగా మొదలుపెట్టడం తప్ప మార్గం లేదు.

కాలమండలాల గురించి ఒక అపోహ ఉంది. సర్వర్ గడియారాలు చాలావరకు యూటీసీలో నడుస్తాయి, భారత కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 168 గళ్ల పట్టిక పెట్టుకున్నంత వరకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఏ గడి పేరు ఏదైనా ప్రతి వారమూ అదే వేళ అదే గడిలో పడుతుంది. రోజు మొత్తాన్ని కూడినప్పుడో, సెలవు గుర్తు తగిలించినప్పుడో అసలు చిక్కు మొదలవుతుంది. యూటీసీ లెక్కన ఆదివారమంటే ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర నుంచి సోమవారం తెల్లవారుజామున ఐదున్నర వరకు. సెలవు గుర్తు కూడా అంతే ఆలస్యంగా మొదలై అంతే ఆలస్యంగా ముగుస్తుంది. ఇక అమెరికా కస్టమర్ల కోసం హైదరాబాద్‌లో నడిచే సేవలకు ఏటా రెండుసార్లు ఇంకో కుదుపు తప్పదు. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఇక్కడ జరగవు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటల రద్దీ అప్పటిదాకా ఇక్కడ రాత్రి ఏడున్నరకు వచ్చేది, ఆ సోమవారం నుంచి ఆరున్నరకే వచ్చేస్తుంది. వినియోగదారుడి స్థానిక కాలమానంలో గళ్లు కడితే ఈ గొడవ ఉండదు.

వారాంతంలో అంకెలు చిన్నవి కావడం వల్ల ఇంకో సమస్య వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు లావాదేవీలు నలభైయే అనుకుంటే, ఏ లోపమూ లేకుండానే అవి ఒక వారం ముప్పై, మరో వారం యాభై రావొచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే ఘటనలను లెక్కించినప్పుడు సహజమైన చెదురు ఆ సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. నలభైకి అది ఆరు దాటుతుంది, అంటే పదహారు శాతం. 12,000కు అయితే దాదాపు 110, ఒక శాతం కూడా కాదు. అందుకని ఇరవై శాతం తగ్గితే అలారం అనే ఒకే నియమాన్ని వారమంతటికీ పెడితే, ఆదివారం తెల్లవారుజాముల్లో అది ఊరికే మోగుతుంది. ఆ వేళల్లో గంటకు బదులు మూడు నాలుగు గంటలను కలిపి చూడటం మేలు. కనిపెట్టడం కాస్త ఆలస్యమవుతుంది, కానీ ఆ ఆలస్యంలో నష్టపోయే లావాదేవీలు కూడా కొద్దివే.

వ్యాపారం పెరుగుతున్న సేవల్లో ఈ పద్ధతి ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. వారానికి రెండు శాతం పెరుగుదల ఉంటే, ఆరు వారాల మధ్యగతం సగటున మూడున్నర వారాల పాతది. అది సుమారు ఏడు శాతం తక్కువ చెబుతుంది. దీనికి మందు, వారం ఆకారాన్నీ వారం స్థాయినీ విడదీయడం. వారం మొత్తం లావాదేవీల్లో సోమవారం పదకొండు గంటల వాటా ఎంతన్నది ఆకారం. ఈ మధ్య మొత్తం ఎంత ఉంటోందన్నది స్థాయి. ఆకారం నెమ్మదిగా మారుతుంది కాబట్టి దాన్ని ఎనిమిది వారాల నుంచి తీసుకోవచ్చు. స్థాయిని మాత్రం గడిచిన ఏడు రోజుల నుంచి తీసుకుని రెండిటినీ గుణిస్తారు. ఇక్కడ ఏడు అనే అంకెకు కారణముంది: ఏ వరస ఏడు రోజులు తీసుకున్నా వాటిలో ప్రతి వారమూ ఒక్కసారే వస్తుంది. ఐదు రోజులు తీసుకుంటే ఒక్కోసారి ఒక ఆదివారం పడి, ఒక్కోసారి అసలు పడక, పది రోజులు తీసుకుంటే ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు పడి, స్థాయి దానంతటదే ఊగుతుంది. కోవిడ్ కాలంలో చాలా దేశాల్లో వారాంతపు పరీక్షలూ నమోదూ తగ్గి కేసులు తగ్గినట్టు కనిపించేవి. పత్రికలు ఏడు రోజుల సగటు వేసింది ఈ ఊగును చదును చేయడానికే.

ఆకారాన్నీ స్థాయినీ విడదీయడం కొత్త ఆలోచనేమీ కాదు. హోల్ట్ 1957లో, వింటర్స్ 1960లో అమ్మకాల అంచనాల కోసం రూపొందించిన హోల్ట్-వింటర్స్ పద్ధతి ఈ పనే చేస్తుంది. 1990లో వచ్చిన ఎస్‌టీఎల్ పద్ధతి కూడా అంతే. సిద్ధంగా దొరికే ఉపకరణాల్లో ఇవి ఉంటాయి గనుక చేత్తో రాసుకోనక్కరలేదు. అయితే ఇవేవీ రెండో శనివారం సంగతి వాటంతటవి తెలుసుకోలేవు, క్యాలెండర్ మనిషే అందించాలి. స్థాయిని మరీ చురుగ్గా మార్చేలా పెట్టినా ముప్పే. రోజుకు ఒక శాతం చొప్పున మెల్లగా తగ్గిస్తూ పోయే లోపాన్ని బేస్‌లైన్ కూడా అనుసరిస్తూ దిగి, చివరిదాకా అంతా మామూలే అంటుంది. అందుకే ఈ వారం మొత్తాన్ని నెల కిందటి వారం మొత్తంతో పోల్చే మరో తనిఖీని పక్కన ఉంచుతారు.

కట్టిన బేస్‌లైన్ సరైనదో కాదో అలారాలే చెబుతాయి. గత ఎనిమిది వారాల డేటాను దానిమీద నడిపించి, ఎన్ని అలారాలు మోగేవో వారాల వారీగా లెక్కించాలి. లోపాలకు వారం పట్టింపు పెద్దగా ఉండదు కాబట్టి అలారాలు రోజులన్నిటికీ కొంచెం అటూ ఇటూగా పంచుకుని ఉండాలి. ఆదివారాల మీదా సోమవారం ఉదయాల మీదా కుప్పపడితే వారాంతపు ఆకారం తప్పు. ఒక శనివారం విడిచి ఒక శనివారం మోగితే రెండో, నాలుగో శనివారాల లెక్క చేరలేదని అర్థం. సెలవు తర్వాత సరిగ్గా ఏడో రోజున మోగితే చరిత్ర నుంచి సెలవును తీయలేదు. ఆదివారం రాత్రుల్లో సర్వర్ స్పందన వేగం మీద మోగే అలారాలకైతే ముందుగా వారానికోసారి నడిచే బ్యాకప్‌ను అనుమానించాలి.

రెండో తనిఖీ మోగని అలారాల కోసం. పాత డేటాలో ఒక్కో గంటనూ కావాలనే ముప్పై శాతం తగ్గించి, 168 గళ్లలో ఎన్నిటిలో అలారం మోగిందో చూడాలి. పై ఉదాహరణలో సోమవారం పదకొండు గంటలప్పుడు 12,000 కాస్తా 8,400 అవుతుంది. హద్దు 10,443 కాబట్టి మోగుతుంది. ఆదివారం తెల్లవారుజామున నలభై కాస్తా ఇరవై ఎనిమిదవుతుంది, మోగదు. ఆ గడిలో ముప్పై శాతం పతనాన్ని ఒక్క గంటలో పట్టడం ఏ పద్ధతి వల్లా కాదు. అలా మౌనంగా ఉండిపోయే గళ్లన్నిటినీ ఒక జాబితాగా రాసి, ఆ వేళల్లో నిఘాను విజయశాతానికి అప్పగిస్తారు, లేదంటే నిమిషానికోసారి తనంతట తాను ఒక రూపాయి చెల్లించి చూసే పరీక్షా లావాదేవీని పెడతారు.